అర్ధవృత్తంలో అతి పెద్ద దీర్ఘచతురస్రం

10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధవృత్తాకారపు అట్టముక్క నుంచి ఒక దీర్ఘచతురస్రాన్ని కత్తిరించాలి. దాని ఒక భుజం వ్యాసం మీద ఉండాలి, పై రెండు మూలలు చాపాన్ని తాకాలి. వెడల్పు పెంచితే ఎత్తు తగ్గుతుంది. ఎత్తు పెంచితే వెడల్పు తగ్గుతుంది. వైశాల్యం ఎక్కడ గరిష్ఠమవుతుందన్నదే ప్రశ్న.

కేంద్రం నుంచి కింది మూల వరకు ఉన్న దూరాన్ని x, ఎత్తును y అనుకుందాం. కేంద్రాన్ని పై మూలతో కలిపే గీత వ్యాసార్ధమే కాబట్టి, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం x² + y² = 100. కేంద్రానికి రెండు వైపులా x ఉంది కనుక వెడల్పు 2x, వైశాల్యం A = 2xy. ఇక్కడ 2 రాయడం మరిచిపోతే జవాబు సగమే వస్తుంది.

వర్గమూలంతో తంటా లేకుండా A²ను తీసుకోవచ్చు. A గరిష్ఠమైన చోటే A² కూడా గరిష్ఠమవుతుంది.

A² = 4x²(100 − x²) = 400x² − 4x⁴

దీని అవకలజం 800x − 16x³. దాన్ని సున్నాకు సమానం చేస్తే x² = 50 వస్తుంది. అప్పుడు y² కూడా 50. x విలువ అంతకన్నా తక్కువైతే అవకలజం ధనాత్మకం, ఎక్కువైతే రుణాత్మకం. అందువల్ల ఇది గరిష్ఠమే. వెడల్పు సుమారు 14.14, ఎత్తు 7.07 సెంటీమీటర్లు, వైశాల్యం సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్లు.

కలన గణితం లేకుండానూ ఇదే ఫలితం వస్తుంది. వ్యాసాన్ని అద్దంగా భావించి బొమ్మకు ప్రతిబింబం గీస్తే అర్ధవృత్తం పూర్తి వృత్తమవుతుంది, దీర్ఘచతురస్రం రెట్టింపై ఆ వృత్తంలో ఇముడుతుంది. ఈ పెద్ద దీర్ఘచతురస్రపు కర్ణం వృత్తవ్యాసమే, అంటే 20 సెంటీమీటర్లు. కర్ణం దాన్ని రెండు సమాన త్రిభుజాలుగా విడదీస్తుంది. ఒక్కో త్రిభుజానికి భూమి 20. మూడో మూల వృత్తం మీదే ఉంటుంది కాబట్టి కర్ణం నుంచి దాని ఎత్తు 10కి మించదు. కనుక రెండు త్రిభుజాల మొత్తం వైశాల్యం 200 దాటదు. ఎత్తు సరిగ్గా 10 అయినప్పుడు ఆ ఆకారం చతురస్రం. అందులో పై సగమే మనకు కావలసిన దీర్ఘచతురస్రం, వైశాల్యం 100. వెడల్పు ఎత్తుకు రెట్టింపు ఎందుకుండాలో ఈ బొమ్మే చెబుతుంది.

అర్ధవృత్తంలోనే చతురస్రాన్ని ఇమిడిస్తే అదే పెద్దదనుకోవడం పొరపాటు. అప్పుడు y = 2x, 5x² = 100; వైశాల్యం 4x², అంటే 80 మాత్రమే.

కత్తెర కాస్త పక్కకు జరిగినా నష్టం స్వల్పం. x = 6, y = 8 అయినా, x = 8, y = 6 అయినా వైశాల్యం 96. x = 7 దగ్గర అది దాదాపు 99.98.

వ్యాసార్ధం r అయితే గరిష్ఠ వైశాల్యం r². అర్ధవృత్త వైశాల్యం πr²/2 కాబట్టి, దీర్ఘచతురస్రం అందులో 2/π వంతు, అంటే దాదాపు 63.7 శాతం ఆక్రమిస్తుంది.