శాతం పెరిగింది సరే, దేనిలో శాతం?

రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 2022 మే మొదట్లో 4 శాతం. ఆ నెలలో మొదలైన పెంపులు ఆగేసరికి, అంటే 2023 ఫిబ్రవరికి, అది 6.5 శాతానికి చేరింది. ఇల్లు కొనడానికి అప్పు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఈ పెంపు సెగ తగిలింది. కానీ ‘ఎంత శాతం పెరిగింది?’ అని అడిగితే మాత్రం జవాబులు రకరకాలు.

అపోహ: 4 నుంచి 6.5కి పెరిగింది కాబట్టి వడ్డీ రేటు రెండున్నర శాతం పెరిగినట్టు. వేరే జవాబు లేదు.

వాస్తవం: జవాబులు రెండున్నాయి, రెండూ సరైనవే. 6.5లోంచి 4 తీసేస్తే 2.5 వస్తుంది. ఇది రెండు శాతాల మధ్య తేడా. దీన్ని 2.5 పర్సంటేజీ పాయింట్లు అనాలి. ఆ తేడాను పాత రేటు 4తో భాగిస్తే 62.5 శాతం వస్తుంది. పాత రేటుతో పోలిస్తే కొత్తది అంత పెరిగిందన్నమాట. పెంపు చిన్నదిగా చూపాలనుకునేవారు మొదటి అంకె చెబుతారు, భయపెట్టాలనుకునేవారు రెండోది ఎత్తుకుంటారు. ఈ గందరగోళం లేకుండా బ్యాంకులవాళ్లు ‘బేసిస్ పాయింట్లు’ వాడతారు. ఒక పర్సంటేజీ పాయింటుకు వంద బేసిస్ పాయింట్లు. ‘250 బేసిస్ పాయింట్ల పెంపు’ అంటే ఒకటే అర్థం.

అపోహ: వడ్డీ రెండున్నర శాతం పెరిగితే నెల వాయిదా కూడా రెండున్నర శాతమే పెరుగుతుంది.

వాస్తవం: 20 ఏళ్లకు 30 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. 7 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 23,259 రూపాయలు. అదే అప్పు 9.5 శాతం దగ్గర సుమారు 27,964 రూపాయలు. రేటు పెరిగింది 2.5 పాయింట్లే అయినా వాయిదా 20 శాతం పెరిగింది. వాయిదా మార్చకుండా గడువు పెంచితే సరిపోతుందా అంటే, ఇక్కడ అదీ కుదరదు. 30 లక్షల మీద 9.5 శాతం చొప్పున మొదటి నెల వడ్డీయే 23,750 రూపాయలు. పాత వాయిదా ఆ వడ్డీకే చాలదు, ఇక అసలు తీరేదెలా?

అపోహ: డీఏ 3 శాతం పెరిగితే జీతం 3 శాతం పెరుగుతుంది.

వాస్తవం: కేంద్ర ఉద్యోగుల కరవు భత్యం 2024 జూలై నుంచి 50 శాతం కాస్తా 53 శాతమైంది. మూల వేతనం 40,000 రూపాయలైతే భత్యం 20,000 నుంచి 21,200 అయింది. భత్యం వరకే చూస్తే పెంపు 6 శాతం. మూల వేతనం, భత్యం కలిపి చూస్తే 60,000 కాస్తా 61,200 అయింది కాబట్టి పెంపు 2 శాతమే. వార్తల్లో వినబడే 3 శాతం మూల వేతనంలో వాటా. ఉన్నది 1,200 రూపాయలే. దాన్ని దేనితో పోలుస్తున్నామన్నదాన్ని బట్టి అంకె మారింది.

అపోహ: ఏ అర్థంలో అన్నారో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, అడగక్కర్లేదు.

వాస్తవం: ఒకే అప్పు పత్రంలో రెండు అర్థాలూ ఉండొచ్చు. ‘వడ్డీలో అర శాతం రాయితీ’ అంటే సాధారణంగా 8.5 కాస్తా 8 అవుతుంది, అంటే పాయింట్ల లెక్క. ‘ప్రాసెసింగ్ ఫీజులో 50 శాతం రాయితీ’ అంటే అప్పులో 1 శాతంగా ఉన్న ఫీజు అర శాతం అవుతుంది. ఇది పాత అంకెలో వాటా. మరి ‘8 శాతంగా ఉన్న వడ్డీ ఒక శాతం పెరుగుతుంది’ అని మాత్రమే చెబితే? బ్యాంకు వాడుకలో అది 9 శాతం. అక్షరాలా లెక్క వేస్తే 8.08 శాతం. 30 లక్షల మీద ఏడాది వడ్డీలో మొదటిదానికి 30,000 రూపాయలు అదనం, రెండోదానికి 2,400 రూపాయలు.

అపోహ: ఏ అర్థంలో అన్నారో ఖాయం చేసుకోవాలంటే లెక్కలు బాగా వచ్చి ఉండాలి.

వాస్తవం: ‘ఎంత నుంచి ఎంతకు?’ అని అడిగితే చాలు. పాత అంకె, కొత్త అంకె రెండూ చేతికొస్తే పాయింట్లు, శాతం రెండూ మనమే లెక్క వేసుకోవచ్చు. ఆ రెండూ చెప్పకుండా పెంపు ఒక్కటే చెబితే, ‘పాత రేటుకు కలపాలా, పాత రేటులో అంత శాతమా?’ అని అడగండి. ఆపై ‘నా అప్పు మీద నెలకు ఎన్ని రూపాయలు?’ అని రాతపూర్వకంగా తీసుకోండి. పాత అంకె, కొత్త అంకె రెండూ కాగితం మీద కనబడేదాకా సంతకం చేయకండి.