వేడి చెప్పే మూడు సంఖ్యలు

ఎర్ర రక్తకణాల్లో కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంటుంది. దాని లోతైన గుంటలో ఒక జింకు అయాను కూర్చుని ఉంటుంది. సల్ఫోనమైడ్ జాతి అణువులు ఆ జింకును పట్టుకుని ఎంజైము పని ఆపేస్తాయి. గ్లకోమాకు ఇచ్చే కొన్ని మందులు ఇలాగే పనిచేస్తాయి. ఆ పట్టు ఎంత గట్టిదో తేల్చడానికి ఐసోథర్మల్ టైట్రేషన్ క్యాలరీమీటరు నమ్ముకునేది వేడినొక్కదాన్నే.

యంత్రంలో రెండు చిన్న గదులుంటాయి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో ప్రోటీను ద్రావణం. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండేలా హీటరు క్షణక్షణం సర్దుకుంటూ ఉంటుంది. సిరంజి కొద్దికొద్దిగా లిగాండ్‌ను, అంటే అతుక్కునే అణువును, ప్రోటీనులోకి వదులుతుంది. అతుక్కున్నప్పుడు వేడి పుడితే హీటరు ఆ మేరకు తగ్గుతుంది. తెర మీద గీత కిందికి గుచ్చుకుని మళ్లీ పైకొస్తుంది. ఆ ముల్లు వైశాల్యమే పుట్టిన వేడి.

ఒక లెక్క చూద్దాం. గదిలో 20 మైక్రోమోలార్ ప్రోటీను 1.4 మిల్లీలీటర్లు, సిరంజిలో 250 మైక్రోమోలార్ సల్ఫోనమైడ్. ఒక్కో విడతకు 10 మైక్రోలీటర్లు వదిలితే, మోల్‌కు 10.4 కిలోక్యాలరీల చొప్పున సుమారు 26 మైక్రోక్యాలరీలు వెలువడతాయి. హీటరు సర్దకపోతే ఆ ద్రావణం వేడెక్కేది డిగ్రీలో లక్షకు రెండు వంతులే!

మొదట వచ్చే లిగాండ్‌కు ఖాళీ గుంటలు దండిగా ఉంటాయి కనుక ముళ్లు దాదాపు సమానంగా ఉంటాయి. పదకొండో విడత చుట్టుపక్కల గుంటలు నిండిపోతాయి, ముళ్లు కుంచించుకుపోతాయి. ఆ వైశాల్యాలను వరసగా గుర్తిస్తే మెట్టులాంటి వంపు వస్తుంది. మెట్టు ఎత్తు ఎంథాల్పీని, అది విరిగే చోటు ఒక ప్రోటీనుకు ఎన్ని లిగాండ్‌లో చెబుతాయి. విరుపు నిటారుగా ఉందా, ఏటవాలుగా ఉందా అన్నదాన్నిబట్టి బంధన స్థిరాంకం తేలుతుంది. పట్టు మరీ గట్టిదైతే విరుపు నిట్టనిలువుగా మారి స్థిరాంకం చేతికి చిక్కదు. మరీ వదులైతే మెట్టే కనబడదు.

ఈ జోడీనే అమెరికాలో ఒక ఉమ్మడి పరీక్షకు తీసుకున్నారు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. పద్నాలుగు కొలతల సగటు ఎంథాల్పీ మైనస్ 10.4. కానీ వాటి మధ్య తేడా ప్లస్ లేదా మైనస్ 2.5 దాకా ఉంది. యంత్రాలు ఇంతకన్నా ఎంతో సూక్ష్మంగా కొలవగలవు. మరి తేడా ఎక్కడిది? తర్వాతి విశ్లేషణలో అనుమానం ముఖ్యంగా లిగాండ్ గాఢత మీదికి వెళ్లింది.

సిరంజిలో నిజానికి అనుకున్నదానికన్నా పాతిక శాతం ఎక్కువ లిగాండ్ ఉందనుకోండి. గుంటలు ముందే నిండుతాయి, నిష్పత్తి 1కి బదులు 0.8 అని వస్తుంది. వేడినంతా తక్కువ మోల్‌లకు పంచుతాం కనుక ఎంథాల్పీ మైనస్ 13 అయి కూర్చుంటుంది. స్థిరాంకమూ పాతిక శాతం పెరుగుతుంది. అదే లిగాండ్ సరిగ్గా ఉండి, ప్రోటీనులో ఐదో వంతు పాడైపోయినా నిష్పత్తి 0.8 అనే వస్తుంది. కానీ ఎంథాల్పీ, స్థిరాంకం చెక్కుచెదరవు. గీత చూస్తే రెండూ ఒకేలా నునుపుగా, తప్పులేనట్టు కనిపిస్తాయి.

ఈ రెంటినీ విడదీయాలంటే లిగాండ్ గాఢతను వేరే దారిలో నిర్ధారించుకోవాలి. పొడిని తూచినప్పుడు అందులోని తేమ కూడా బరువులోకి వస్తుంది. అందుకే ద్రావణం అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో కూడా కొలిచి చూస్తారు.