పావు వంతులో పూర్తి మాట

ఫ్రాన్సులో ఇంటర్ స్థాయి పరీక్షను బకలోరియా అంటారు. 2019లో మొదలైన సంస్కరణల తర్వాత అందులో సాంకేతిక శాఖల విద్యార్థులు ఫ్రెంచి భాష పరీక్షలో ఎంచుకోదగ్గ ప్రశ్న ఒకటి ఉంది. సుమారు వెయ్యి పదాల వ్యాసం ఇస్తారు. దాన్ని పావు వంతుకు, అంటే 250 పదాలకు కుదించాలి. అటూ ఇటూ పది శాతం దాకా సడలింపు ఉంటుంది. రాసినవాళ్లు చివర్లో ఎన్ని పదాలు వచ్చాయో తామే లెక్కపెట్టి వెయ్యాలి. సగం మార్కులు ఈ కుదింపుకి, మిగతా సగం ఆ తర్వాత రాసే చిన్న వ్యాసానికి.

ఈ కుదింపునే అక్కడ ‘రెజ్యుమే’ అనీ, ‘కాంత్రాక్సియోఁ ద తెక్స్‌త్’ అనీ అంటారు. పెద్ద బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్షల్లోనూ ఇది ఉంది. హెచ్‌ఈసీ వాళ్లయితే ఒక పొడవాటి వ్యాసాన్ని 400 పదాల్లో చెప్పమంటారు, అక్కడ సడలింపు అయిదు శాతమే.

మన దగ్గర ఇంగ్లిషు ప్రెసీ రైటింగ్ చేసినవాళ్లకి ఇది తెలిసిన పనే అనిపిస్తుంది. ఆ తెలిసినతనమే కొంప ముంచుతుంది. మనకు బళ్లో నేర్పిన ప్రెసీ మూడో వంతుకి కుదిస్తుంది, ‘రచయిత ఇలా అన్నాడు’ అనే ధోరణిలో, ప్రథమ పురుషలో, భూతకాలంలో సాగుతుంది. ఫ్రెంచి రెజ్యుమే అలా ఒప్పుకోదు. మూలంలో రచయిత ‘నేను’ అన్నాడంటే రెజ్యుమేలో కూడా ‘నేను’ అనే ఉండాలి. వర్తమానంలో మాట్లాడితే వర్తమానమే. ‘లోతర్ ది క’, అంటే ‘రచయిత చెప్పేదేమంటే’, అని మొదలుపెట్టారంటే అది రెజ్యుమే కాదు, ‘కోంత్ రాఁద్యు’ అనే వేరే ప్రక్రియ. రెజ్యుమేలో మీరు రచయిత గురించి మాట్లాడరు, కాసేపు ఆయన కుర్చీలో కూర్చుని ఆయన మాటనే క్లుప్తంగా చెబుతారు. మీ అభిప్రాయానికి అందులో చోటు లేదు. మూలంలో ఆలోచనలు వచ్చిన వరసా మారకూడదు.

ఇంతవరకూ నిబంధనలు. పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ మీద చూద్దాం. ఈ వ్యాసం కోసం నేనే ఫ్రెంచిలో ఒక పేరా రాశాను. అక్కడి లెక్క ప్రకారం 119 పదాలు. తెలుగులో అది ఇలా ఉంటుంది:

మా ఊళ్లో రొట్టెల దుకాణం మూడేళ్ల కిందట మూతపడింది. అదేమంత పెద్ద విషయం కాదని అనుకోవచ్చు. రొట్టె, కేకులు, క్రువసాఁలు పది కిలోమీటర్ల దూరంలోని సూపర్‌మార్కెట్‌లో కూడా దొరుకుతాయి, పైగా అక్కడ చవక. అయితే ఆ దుకాణానికి జనం రొట్టె కొనడానికే వెళ్లేవాళ్లు కాదు. ముసలివాళ్లు ఇరుగుపొరుగు కబుర్లు తెలుసుకునేవాళ్లు, పిల్లలు నమస్కారం పెట్టడం, చిల్లర లెక్కపెట్టడం నేర్చుకునేవాళ్లు. అది మూతపడ్డాక కొందరు వారమంతా ఎవరితోనూ మాట్లాడటం లేదు. పాత రోజులు తిరిగి రావాలని నేను అడగడం లేదు. కానీ ఒక దుకాణం మూతపడ్డప్పుడు, దాని బదులు జనం కలుసుకునే ఏ చోటు తెరవగలమా అని పురపాలక సంఘం ఆలోచించాలి.

పావు వంతంటే 30 పదాలు. సడలింపుతో 27 నుంచి 33 దాకా రాయొచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది మొదటి వాక్యంతో మొదలుపెట్టి ఒక్కో మాటకి పర్యాయపదం వెతుకుతారు. ‘బులాంజెరీ’ని ‘రొట్టె అమ్మే అంగడి’ అని మారుస్తారు, ‘మూడేళ్ల కిందట’ను ‘ముప్పై ఆరు నెలల ముందు’ అని తిప్పుతారు. మాటలన్నీ మారాయి కాబట్టి కాపీ కాదని వాళ్ల ధీమా. నా దృష్టిలో ఇది కాపీకి అన్న. వాక్యం అస్థిపంజరం మూలానిదే, తొడుగు ఒక్కటే కొత్తది. పైగా పొడవు కూడా తగ్గదు. అసలు ‘బులాంజెరీ’ని మార్చనక్కర్లేదు. ఏ విషయం చుట్టూ పేరా తిరుగుతోందో ఆ కీలకపదాన్ని వాడుకోవచ్చు, దానికి మార్కులు తగ్గించరు. తగ్గించేది మూలంలోని పదబంధాలని, వాక్యాలని ఎత్తుకొచ్చి అతికించినప్పుడు.

కాబట్టి మొదట చెయ్యాల్సింది మాటల్ని వదిలేసి, ఎవరు ఏమంటున్నారో తేల్చుకోవడం. ఈ పేరాలో పెద్ద గుంట రెండో వాక్యంలోనే ఉంది. ‘అదేమంత పెద్ద విషయం కాదని అనుకోవచ్చు’ అన్నది రచయిత అభిప్రాయం కాదు. ఫ్రెంచిలో అక్కడ ‘ఓన్ పూరె క్రువార్’ అని ఉంటుంది. అలా షరతు రూపంలో క్రియ వచ్చిందంటే, ఎదుటివాడి వాదనని కాసేపు ఒప్పుకుంటున్నట్టు నటిస్తున్నాడన్నమాట. రెండు వాక్యాల తర్వాత ‘ఓర్’ అనే చిన్న మాట వస్తుంది. అసలు వాదన అక్కడ మొదలవుతుంది. పరీక్షలో తడబడేవాళ్లు ఈ మలుపుని చూడరు. ‘దుకాణం పోయినా ఫరవాలేదు, సూపర్‌మార్కెట్ చవక’ అని రాసేస్తారు, రచయిత చెప్పిందానికి సరిగ్గా తిరగేసి. ఒక్కో వాక్యం విడిగా చూస్తే తప్పు కనబడదు, అందుకే రాసినవాళ్లకి కూడా తెలియదు.

తర్వాత ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్న. ‘ఉదాహరణలు తీసెయ్యండి’ అని అందరూ చెప్తారు, కానీ అన్ని ఉదాహరణలూ ఒకటి కావు. ముసలివాళ్ల కబుర్లు, పిల్లల చిల్లర లెక్క, ఈ రెండూ ‘దుకాణం మనుషుల్ని కలిపేది’ అన్న మాటకి బొమ్మలు. ఆ మాట ఒకటి రాస్తే బొమ్మలు తీసెయ్యొచ్చు. రొట్టె, కేకులు, క్రువసాఁలు కూడా అంతే, మూడూ కలిసి ‘సరుకు’ అవుతాయి. కానీ ‘కొందరు వారమంతా ఎవరితోనూ మాట్లాడటం లేదు’ అన్నది చూడ్డానికి ఉదాహరణలా ఉన్నా, మూతపడ్డందువల్ల జరిగిన నష్టం అదే. అది పోతే చివరి విన్నపానికి కారణం లేకుండా పోతుంది. ఒక వాక్యం మీద వేలుపెట్టి, తర్వాతి వాక్యం ఇది లేకుండా నిలబడుతుందా అని అడిగితే ఈ తేడా తేలిపోతుంది. మూడేళ్లు, పది కిలోమీటర్లు ఆ పరీక్షలో నిలబడవు.

ఇప్పుడు మూలాన్ని పక్కకి తిప్పేసి రాయాలి. దాన్ని చూస్తూ రాస్తే కన్ను దానిమీదికే పోతుంది, వాక్యాలు వాటంతటవే దిగుమతి అవుతాయి. నా మొదటి చిత్తు 37 పదాలకి వచ్చింది. ‘లా దిస్పరిస్యోఁ ద నోత్ర్ బులాంజెరీ’, అంటే ‘మా రొట్టెల దుకాణం కనుమరుగవడం’, అని మొదలుపెట్టి అది చిన్న విషయంలా కనిపిస్తుందని రాశాక, ‘ఓర్ ఎల్ క్రేయె దే లియాఁ’, ‘అయితే అది బంధాలు కలిపేది’ అని వచ్చింది. నాలుగు పదాలు ఎక్కువవడం కన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ఫ్రెంచిలో కనుమరుగవడమూ స్త్రీలింగమే, దుకాణమూ స్త్రీలింగమే. ‘ఎల్’ అన్న సర్వనామం ముందు వాక్యంలోని కర్తకి పోయి తగులుకుంటుంది. చదివినవాడికి కనుమరుగవడమే బంధాలు కలిపిందని అర్థమవుతుంది! కుదించేటప్పుడు పేర్లని తీసేసి సర్వనామాలు పెట్టుకుంటూ పోతాం కదా, ఈ ప్రమాదం అందువల్లే వస్తుంది. చిత్తులోని ప్రతి సర్వనామం దగ్గరా ఆగి, ఇది ఎవరు అని వెనక్కి వెళ్లి చూసుకోవడం తప్ప మందు లేదు.

ఆ నామవాచకాన్ని తీసేసి, ‘పోగొట్టుకోవడం’ అన్న క్రియతో మొదలుపెడితే చిక్కు విడిపోయింది. క్రియకి లింగం లేదు కాబట్టి ‘ఎల్’ దుకాణానికే చేరుతుంది:

పెర్ద్ర్ స బులాంజెరీ సాంబ్ల్ అనోదాఁ : ఓన్ అషెత్ ఐయర్ అ మ్వాంద్ర్ ప్రీ. ఓర్ ఎల్ క్రేయె దే లియాఁ. సోన్ అబ్సాంస్ ఇజోల్. సాఁ నోస్తాల్జీ, జ వుద్రే క లేజ్ ఎలూ కోంపాంస్ తూత్ దిస్పరిస్యోఁ పార్ అన్ ఎస్పాస్ కోంవివియల్.

అంటే: ‘ఊళ్లో రొట్టెల దుకాణం పోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, ఇంకోచోట చవగ్గా కొనుక్కోవచ్చు. అయితే అది బంధాలు కలిపేది, అది లేకపోవడం మనుషుల్ని ఒంటరిని చేస్తోంది. పాత రోజుల మీద బెంగ లేదు కానీ, ఏ దుకాణం పోయినా దాని బదులు కలుసుకునే చోటొకటి ప్రజాప్రతినిధులు చూపాలని నా కోరిక.’

సరిగ్గా 33 పదాలు, ఇంకొక్కటి చేరినా హద్దు దాటుతుంది. ‘నేను’ నిలిచింది. ‘కనిపిస్తుంది’ అన్న క్రియ రచయిత ఆ మాట నమ్మడం లేదన్న సంగతిని మోస్తోంది, మూలంలో ఒక పూర్తి ఉపవాక్యం చేసిన పని అది. చివర్లో ‘తూత్’, అంటే ‘ఏదైనా’, అన్న ఒక్క మాట వల్ల విన్నపం రొట్టెల దుకాణం దగ్గరే ఆగకుండా, మూలంలో ఉన్నట్టే అన్ని దుకాణాలకీ వర్తించింది. నష్టం కూడా లేకపోలేదు. చిల్లర లెక్కపెట్టే పిల్లలు పోవడంతో మూలంలోని వెచ్చదనం పోయింది. రెజ్యుమే వాదనని కాపాడుతుంది, గొంతుని కాదు. వ్యంగ్యం మీదే నడిచే వ్యాసాలు ఇచ్చినప్పుడు ఇది మరీ కష్టమవుతుంది.

హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాంసేజ్ లాంటి చోట ఫ్రెంచి నేర్చుకుని డాల్ఫ్ సీ1 దాకా వెళ్లే మనవాళ్లకి ఎదురయ్యేది దీని చుట్టమే, ‘సాంతెజ్’. అక్కడ రెండు మూడు పాఠాలు, మొత్తం వెయ్యి పదాల చుట్టూ ఉంటాయి. వాటిని కలిపి 220 పదాలకి దగ్గరగా ఒకే రచన చెయ్యాలి. ఒక పాఠం తర్వాత ఇంకో పాఠం కుదించుకుంటూ పోతే చెల్లదు. అన్నిటి ఆలోచనల్నీ కలగలిపి కొత్త వరసలో పెట్టాలి, ‘నేను’ మాయమవ్వాలి. రెజ్యుమేకి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ మూలం వరసని పట్టుకుని వేలాడుతుంది.

పదాల లెక్క కూడా పరీక్షని బట్టి మారుతుంది. డాల్ఫ్‌లో రెండు ఖాళీల మధ్య ఉన్నదంతా ఒకటే పదం, కాబట్టి ‘అంటే’ అని చెప్పే ‘సెతాదీర్’ అక్కడ ఒక్కటిగా చెల్లుతుంది. ఫ్రాన్సు ప్రవేశ పరీక్షల్లో అదే మాటని చీల్చి నాలుగు పదాలుగా లెక్కిస్తారు. 33 దగ్గర ఊపిరి బిగబట్టుకున్నవాడికి అది పెద్ద తేడా. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ‘సెతాదీర్’ రాసే చోట ‘స్వా’ అనే ఒక్క మాట వాడతారు, లేదంటే పైన నేను పెట్టినట్టు రెండు చుక్కలు పెట్టి ఊరుకుంటారు. చుక్కల్ని ఏ పరీక్షలోనూ ఎవరూ లెక్కపెట్టరు.