బల్బు వెలిగితే ఎర్తు బాగున్నట్లేనా?

కొత్త ఇంటికి వైరింగు పూర్తయ్యాక కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక పరీక్ష చేస్తారు. 100 వాట్ల ఫిలమెంటు బల్బు తీసుకుని ఒక కొసను ఫేజుకూ, రెండో కొసను ఎర్తుకూ తగిలిస్తారు. బల్బు వెలుగుతుంది. "ఎర్తింగు బ్రహ్మాండంగా ఉందండీ" అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం. మీరు మాత్రం కాగితం మీదే చూడండి. ఫేజు తీగతో ప్రయోగాలు పనికిరావు.

ఆ ఇల్లు ఎండిన మొరం నేలలో ఉందనీ, ఎర్తు నిరోధం 35 ఓములనీ అనుకుందాం. 230 వోల్టుల మీద వెలిగే 100 వాట్ల బల్బు నిరోధం సుమారు 529 ఓములు. రెండూ వరుసలో ఉన్నాయి కనుక బల్బుకు దాదాపు 216 వోల్టులు అందుతాయి. వెలుగు తగ్గిందని కంటికి తెలియదు.

ఇప్పుడు అదే ఇంట్లో ఫ్రిజ్ లోపల ఫేజు తీగ తెగి ఇనుప రేకుకు తగిలిందనుకోండి. 230ని 35తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. ఫ్రిజ్ రేకు మీద ఇంచుమించు 230 వోల్టులూ నిలిచే ఉంటాయి. తడికాళ్ళతో తలుపు తీసేవారి గతి ఏమిటి? ఎర్తు నిరోధం 5 ఓములైతే 46 ఆంపియర్లు పారి ఫ్యూజు కరిగిపోయేది. రెండు ఇళ్ళలోనూ బల్బు ఒకేలా వెలుగుతుంది!

మరి ఈ 35 ఓములు ఎక్కడున్నాయి? గొట్టంలో కాదు, గొట్టాన్ని అంటుకుని ఉన్న మట్టిలో. సినిమా వదిలాక జనం గేటు దగ్గరే ఒత్తుకుంటారు. వీధిలోకి వచ్చాక అందరికీ చోటే. విద్యుత్తు కూడా గొట్టం చుట్టూ ఉన్న ఇరుకు మట్టిని దాటడానికే కష్టపడుతుంది. దూరం వెళ్ళేకొద్దీ దారి విశాలమవుతుంది. అందుకే గొయ్యి తవ్వి, గొట్టం చుట్టూ ఉన్న మట్టిని మార్చేస్తారు.

గోడ పునాదికి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో గొయ్యి తీసి, 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. పైపును నిలువుగా దించుతారు. నీళ్ళు చుట్టూ ఇంకడానికి పైపుకు రంధ్రాలు ఉంటాయి. చుట్టూ కొయ్యబొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, తడిలో కరిగిన ఉప్పు విద్యుత్తును పారనిస్తుంది. అయితే ఉప్పు వానలకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్ళూ ఇనుమును తింటుంది. కనుక ఈనాడు తడిని వదలని బెంటొనైటు బంకమట్టి వాడటం మేలు. పైపు తలకు ఎర్తు తీగను బోల్టుతో బిగించి, చుట్టూ ఇటుకతో చిన్న తొట్టి కట్టి మూత పెడతారు. కొందరు ఆ మూత మీదే గచ్చు చేయిస్తారు. అది పెద్ద పొరపాటు. ఇక నీళ్ళు పోసేదెలా, బోల్టు చూసేదెలా?

ఒక గొయ్యితో నిరోధం దిగకపోతే ఐదు మీటర్ల దూరంలో ఇంకొకటి తీసి రెంటినీ కలపాలి. నిరోధం దాదాపు సగమవుతుంది. పక్కపక్కనే తీస్తే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, ఖర్చే మిగులుతుంది. ఎర్తు ఎంత బాగున్నా మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. 35 ఓముల ఇంట్లో కూడా అది క్షణంలో సరఫరా తెంచుతుంది.

ఇక పిడుగు సంగతి. డాబా మీద ఊచ నిలిపి, దాని నుంచి రెండు వైపులా లోహపు పట్టీలు నేలలోకి దించుతారు. పిడుగులో 30,000 ఆంపియర్లు పారడం మామూలే. ఆ ఎర్తు 10 ఓములున్నా పట్టీ మీద క్షణకాలం 3 లక్షల వోల్టులు! పిడుగు ఎర్తునూ ఇంటి ఎర్తునూ విడిగా ఉంచితేనే క్షేమమని చాలామంది అనుకుంటారు. కాని అప్పుడు పట్టీ 3 లక్షల వోల్టులలో, గోడకు అవతలి ఫ్రిజ్ రేకు సున్నాలో ఉంటాయి. మధ్య గోడను చీల్చుకుని నిప్పురవ్వ దూకుతుంది. రెంటినీ నేల దగ్గర లావుపాటి పట్టీతో కలిపితే ఇంట్లోని లోహాలన్నీ కలిసే పైకి లేస్తాయి, కలిసే దిగుతాయి. తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కానట్లే! బయటి నుంచి వచ్చే ఫేజు తీగ మాత్రం ఈ జట్టులో చేరదు కనుక మీటరు బోర్డు దగ్గర సర్జ్ అరెస్టరు పెట్టించాలి.

వేసవిలో వారానికి ఒకటి రెండుసార్లు గొయ్యిలో నీళ్ళు పోయాలి. ఏడాదికొకసారి మూత తీసి చూడండి: బోల్టు చుట్టూ తుప్పు కనబడితే ఎలక్ట్రీషియన్ చేత శుభ్రం చేయించి బిగించాలి. ఆర్.సి.సి.బి. మీదున్న టెస్టు బొత్తాన్ని నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. నిరోధాన్ని బల్బుతో కాక ఎర్త్ టెస్టరుతోనే కొలిపించాలి, అదీ మే నెలలో. వానల తరువాత కొలిస్తే ఏ గొయ్యి అయినా మంచిగానే కనిపిస్తుంది. డాబా మీది పట్టీకి బట్టల తాడు కట్టనివ్వకండి, ఉరిమేటప్పుడు దానికి 3 మీటర్ల లోపు నిలబడకండి.