శుక్రవారం సాయంత్రం ఆరింటి మెయిల్

హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో అమెరికా కంపెనీలకు ఐటీ సపోర్టు ఇచ్చే టీములు చాలా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు లాప్‌టాప్ ఇప్పించడం, మర్చిపోయిన పాస్‌వర్డు మార్చడం, ఫలానా సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి యాక్సెస్ తెరవడం వీళ్ల పని. వచ్చే ప్రతి రిక్వెస్టుకూ ఒక టికెట్ నంబరు పడుతుంది. వారం చివర టీమ్ లీడ్ కూర్చుని మేనేజరుకు ఒక మెయిల్ రాస్తారు: ఎన్ని అయ్యాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని ఆగిపోయాయి అని.

మొదటి మాటకు అర్థం అందరికీ తెలుసు. పేచీ అంతా మిగతా రెండింటి దగ్గరే. పెండింగ్ అంటే వరసలో ఉన్నది. టీమ్ చేతిలోనే ఉంది, ఇవాళ కాకపోతే మంగళవారానికి అయిపోతుంది. స్టక్ అంటే టీమ్ రాత్రంతా కూర్చున్నా కదలనిది. బయట ఎవరో సంతకం పెట్టాలి, లేదా సామాన్లు పంపాలి, లేదా ఇది మా పనేనని ఒప్పుకోవాలి. మేనేజరు కలగజేసుకోవాల్సింది ఈ మూడో రకంలోనే. కానీ చాలా మెయిళ్లలో ఈ రెండూ కలిసిపోయి, ‘పెండింగ్ 60’ అన్న ఒక్క అంకెగా మేనేజరు ముందుకు వస్తాయి.

అలా కలిసిపోవడానికి సాఫ్ట్‌వేర్‌కూ కొంత బాధ్యత ఉంది. చాలా కంపెనీలు వాడే ServiceNowలో ఒక సమస్య నమోదైతే, దాన్ని ఆపి ఉంచడానికి On Hold అనే స్థితి ఉంటుంది. కారణం కూడా ఎంచుకోవాలి: Awaiting Caller అంటే అడిగినవాళ్ల జవాబు కోసం, Awaiting Vendor అంటే బయటి సరఫరాదారు కోసం. రెండింటికీ తేడా చాలా ఉంది. అడిగిన మనిషి రేపు ఫోన్ ఎత్తితే మొదటిది తీరిపోతుంది. రెండోదాన్ని కదిలించే అధికారం లీడ్‌కు చాలాసార్లు ఉండదు. పైగా చాలాచోట్ల On Hold పెట్టగానే గడువు గడియారం కూడా ఆగేలా అమరిక ఉంటుంది. గడువు దాటకుండా కాపాడుకోవడానికి టికెట్‌ను అందులోకి నెట్టేసే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా ఉండే ఇలాంటి రిపోర్టులకు ఈ వృత్తిలో ‘పుచ్చకాయ’ అనే పేరే ఉంది.

ఒక వారం లెక్క ఊహించి చూద్దాం. సోమవారం ఉదయానికి చేతిలో ఉన్నవి 60. వారంలో కొత్తగా వచ్చినవి 120. అయిపోయాయనుకుని మూసినవాటిలో 5 మళ్లీ తెరుచుకున్నాయి. మొత్తం 185. పూర్తి చేసినవి 125. శుక్రవారానికి మిగిలినవి మళ్లీ 60.

ఈ కూడికా తీసివేతా మెయిల్ మొదట్లోనే ఉండాలి. పాత నిల్వ, కొత్తవి, మళ్లీ తెరుచుకున్నవి కలిపి, పూర్తయినవి తీసేస్తే మిగిలింది సరిపోవాలి. సరిపోలేదంటే ఏదో రెండుసార్లు లెక్కపడింది, లేదా ఏదో జారిపోయింది. మళ్లీ తెరుచుకున్నవి దాచేస్తే పూర్తయినవాటి సంఖ్య ముచ్చటగా కనిపిస్తుంది కానీ, వచ్చే సోమవారం నిల్వ దగ్గర బయటపడిపోతుంది.

60తో మొదలై 60తో ముగిసింది కాబట్టి వారం ప్రశాంతంగా గడిచినట్టే అనిపిస్తుంది. క్యూల గురించి జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం కూడా పైకి అదే చెబుతుంది. వరసలో ఉన్నవాటిని రోజుకు వచ్చేవాటితో భాగిస్తే సగటు నిరీక్షణ తెలుస్తుంది. వారంలో 125 వచ్చాయి, అంటే పనిరోజుకు 25. 60ని 25తో భాగిస్తే 2.4 రోజులు. ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదు. కానీ ఆ 60 లోపల చూస్తే, గత వారం 4 ఉన్న స్టక్ టికెట్లు ఈ వారం 9 అయ్యాయి. మిగతా 51 రెండు రోజుల్లో తేలిపోతుంటే, ఈ తొమ్మిదిలో పాతది 14 పనిరోజులుగా కదల్లేదు. సగటు చూసి తృప్తి పడే మేనేజరుకు ఆ పద్నాలుగు రోజులు ఎప్పటికీ కనబడవు. అందుకే అన్నిటికన్నా పాత టికెట్ వయసు విడిగా రాయాలి.

ఇక తొమ్మిదింటినీ తొమ్మిది వరుసల్లో పేర్చడం కన్నా కారణాలవారీగా కలిపితే మేలు. ఐదు టికెట్లు ఫైనాన్స్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్ కోసం. అనుమతి ఇవ్వాల్సిన అధికారి సెలవులో ఉన్నారు. మూడు లాప్‌టాప్‌ల కోసం. సరఫరాదారు చెప్పిన తేదీ దాటిపోయింది. ఒకటి పాత సర్వర్‌ది. అది తమది కాదని నెట్‌వర్క్ టీమూ, అప్లికేషన్ టీమూ రెండూ అంటున్నాయి. అంటే మేనేజరు చేయాల్సినవి మూడు పనులే.

ఫైనాన్స్ యాక్సెస్ టీమే ఇచ్చేయొచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. బటన్ నొక్కడం వాళ్లకు నిమిషం పని. కానీ అమెరికా స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలకు 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వర్తిస్తుంది. లెక్కల వ్యవస్థల్లోకి ఎవరు, ఎవరి అనుమతితో వెళ్లారో ఆడిటర్లు అడుగుతారు. అనుమతించేవాళ్లూ, యాక్సెస్ తెరిచేవాళ్లూ వేరువేరుగా ఉండాలి. కాబట్టి ఈ ఐదూ ఆగిపోవడం టీమ్ అలసత్వం కాదు. ఆ మాట మెయిల్‌లో ఒక్క వాక్యంలో చెప్పాలి. చెప్పకపోతే ‘ఇంకా ఎందుకు కాలేదు’ అన్న ప్రశ్న తిరిగొస్తుంది, ఒక రోజు పోతుంది.

ఆఫీసుల్లో ఈ మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది. మన భాషలో దాని సారం ఇలా ఉంటుంది:

“సర్, ఈ వారం మీ సాయం కావాల్సినవి మూడు. ఒకటి, ఫైనాన్స్ అధికారి సెలవులో ఉన్నందున, ఆయన బదులు అనుమతి ఇచ్చేవారిని ఇవాళే నియమించాలి. లేకపోతే సోమవారం చేరే ఐదుగురు పని మొదలుపెట్టలేరు. రెండు, లాప్‌టాప్‌ల తేదీ గురించి కొనుగోలు విభాగం సరఫరాదారుతో బుధవారంలోగా మాట్లాడాలి. మూడు, పాత సర్వర్ ఏ టీముదో మీరు తేల్చాలి. ఇది 14 పనిరోజులుగా ఆగి ఉంది. నిల్వ 60, వచ్చినవి 120, మళ్లీ తెరుచుకున్నవి 5, పూర్తయినవి 125, మిగిలినవి 60. అందులో 51 మా చేతిలో ఉన్నాయి, బుధవారానికి పూర్తవుతాయి.”

ఇందులో ఎవరి మీదా నింద లేదు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి మాత్రం ఉన్నాయి. స్టక్ టికెట్ గురించి రాసేటప్పుడు ఈ మూడింటిలో ఏది లోపించినా మేనేజరు తిరిగి అడగాల్సి వస్తుంది.

పంపే వేళ కూడా ముఖ్యమే. మేనేజరు డల్లాస్‌లో ఉంటే, హైదరాబాద్‌లో సాయంత్రం ఆరు అక్కడ వేసవిలో ఉదయం ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. శుక్రవారం పనిరోజంతా వాళ్ల ముందు ఉంటుంది. అదే మెయిల్ రాత్రి పదకొండుకు పంపితే అక్కడ మధ్యాహ్నం అయిపోతుంది. ఫైనాన్స్‌లో బదులు మనిషిని నియమించే సంగతి సోమవారానికి జారుతుంది, కొత్తవాళ్లు చేరేదేమో ఆ రోజే.

మేనేజర్ల వైపు నుంచి చూస్తే, ఇలాంటి మెయిల్ నిజాయితీని పరీక్షించడం తేలికే. మూడు శుక్రవారాల మెయిళ్లు పక్కపక్కన పెట్టి స్టక్ టికెట్ల నంబర్లు చూడాలి. అవే నంబర్లు, అవే మాటలతో మళ్లీ కనిపిస్తే వాటిని ఎవరూ పట్టించుకోవడం లేదన్నమాట. పూర్తయినవి పెరుగుతూ, పాత టికెట్ వయసు కూడా పెరుగుతుంటే, టీమ్ పాస్‌వర్డుల్లాంటి సులువైనవి ఏరుకుని చేస్తోందేమో అడిగి చూడాలి.

మరుసటి శుక్రవారం మెయిల్ ఆ మూడు పనులతోనే మొదలవ్వాలి. ఫైనాన్స్‌లో బదులు అధికారిని నియమించారు, ఐదు టికెట్లూ మూశాం. సర్వర్ అప్లికేషన్ టీముకు వెళ్లింది, గురువారం పని మొదలైంది. లాప్‌టాప్‌ల తేదీ రెండోసారి మారింది, ఈలోగా ముగ్గురికీ స్టోర్‌లోని పాత యంత్రాలు ఇచ్చాం, ఆ మూడు టికెట్లూ ఇంకా స్టక్‌లోనే ఉన్నాయి.