మూడు నిమిషాల్లో ముగిసే గుడి ప్రకటనలు

కతోలిక గుడుల్లో సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన ముగిశాక, చివరి ఆశీర్వాదానికి ముందు ప్రకటనలు చదువుతారు. అవసరమైతేనే, అదీ క్లుప్తంగా చదవాలన్నది పూజా నియమం. కానీ చాలాచోట్ల ఆ సమయానికి చదివేవారి చేతిలో రకరకాల చేతిరాతల్లో నాలుగైదు చీటీలు ఉంటాయి. తడబాటు అక్కడే మొదలవుతుంది.

తెలుగును నింపాదిగా పైకి చదివితే నిమిషానికి సుమారు 80 మాటలు వస్తాయి. మధ్యలో ఆగడానికి వ్యవధి ఉండాలి కాబట్టి మూడు నిమిషాల ప్రతి 200 మాటలు దాటకపోవడం మంచిది.

తపస్సు కాలంలో ఒక ఆదివారం ఆరు చీటీలు వచ్చాయనుకుందాం: సిలువ మార్గం, జ్ఞానోపదేశం తరగతి వేళ మార్పు, పెళ్ళి ప్రకటన, గుడి శుభ్రం చేసే వంతు, చందాదారుల జాబితా, గత నెల జమాఖర్చులు. చివరి రెండూ కళ్ళతో చదువుకోవాల్సినవి. వాటిని నోటీసు బోర్డుకు పంపి, ‘వివరాలు బోర్డులో ఉన్నాయి’ అని ఒక్క వాక్యం చదివితే చాలు.

మిగిలిన నాలుగింటిలో ముందు రావాల్సింది వేళ మార్పు. అది వినకపోతే పిల్లలు తప్పు సమయానికి వస్తారు. తర్వాత సిలువ మార్గం. ఆ చీటీలో ఇలా ఉంటుంది: ‘యువజన సంఘం వారి ఆధ్వర్యంలో శుక్రవారం సాయంత్రం 6-30 గంటలకు నిర్వహించబడు సిలువ మార్గ ప్రార్థనకు అందరూ తప్పక విచ్చేయవలసిందిగా కోరుచున్నాము.’ కొత్తగా చదివేవారికి ఇందులో ఊపిరి తీసుకునే చోటే దొరకదు. దాన్ని ఇలా విడగొట్టాలి: ‘శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు గుడిలో సిలువ మార్గం. ఈసారి నడిపించేది మన యువజనులు. అందరూ రండి.’ వేళను అంకెల్లో కాక, నోటితో పలికేలా అక్షరాల్లో రాయాలి.

పెళ్ళి ప్రకటనను మాత్రం కుదించకూడదు. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, వారి విచారణలు పూర్తిగా చదవాలి. ఆ పెళ్ళికి అడ్డంకి ఏదైనా తెలిసినవారు గురువుకు చెప్పడానికే ఆ ప్రకటన. పేర్లు స్పష్టంగా వినపడకపోతే దాని ప్రయోజనమే పోతుంది. కొత్త ఇంటిపేర్లు ఉంటే ఎలా పలకాలో ఆ కుటుంబాన్ని ముందే అడగాలి.

ప్రతిని ఒకే కాగితానికి ఒకవైపు, పెద్ద అక్షరాల్లో రాయాలి. ఒక్కో ప్రకటనకూ మధ్య ఖాళీ వదలాలి. బైబిల్ పఠనాలు చదివే పీఠం దేవుని వాక్యానికి ప్రత్యేకం కాబట్టి ప్రకటనలను పక్కన మరో మైకు దగ్గర చదవడం సబబు. పూజకు ముందు గడియారం పెట్టుకుని ఒకసారి పైకి చదివితే నాలుక ఎక్కడ చిక్కుకుంటుందో తెలిసిపోతుంది.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఉపదేశిని ‘ఎన్నింటికన్నారు?’ అని నలుగురైదుగురు అడిగితే, లోపం వినేవారిది కాదు, ఆ వాక్యానిది. వచ్చే వారం దాన్ని సరిదిద్దుకోవచ్చు. సంఘాల పెద్దలు చేయాల్సిందల్లా, చీటీలను శనివారం సాయంత్రంలోగా ఒక్కరికే అందజేయడం.