గీత దాకా నీళ్లు

పిల్లల అమాక్సిసిలిన్ మందుల షాపులో పొడిగానే దొరుకుతుంది. నీళ్లు కలిపే పని మనదే. ముందు సీసాను అరచేతికి తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చేయాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా డబ్బాలో ఇచ్చిన నీళ్లు, లేబుల్ మీది గీతలో సగం దాకా పోసి బాగా కుదపాలి. పొడి తడిసి కరిగేసరికి మట్టం కిందికి దిగుతుంది. నురగ తగ్గాక మళ్లీ సరిగ్గా గీత దాకా పోసి, ఇంకోసారి కుదపాలి. చాలామంది మొదటిసారికే గీత దాకా పోసి, మట్టం దిగినా పట్టించుకోరు. అప్పుడు మందు చిక్కనై, ప్రతి మోతాదూ ఎక్కువ పడుతుంది.

కలిపిన తేదీ సీసా మీదే రాయండి. మన దగ్గర చాలా లేబుళ్లు ఏడు రోజులంటాయి, కొన్ని వేరేగా చెబుతాయి. మీ సీసా మాటే లెక్క. ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. గడువు దాటితే మిగిలింది పారబోయాల్సిందే.

ఇక కొలత. డాక్టర్ 200 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. 5 మి.లీ.లో 125 ఉన్న సీసా అయితే 8 మి.లీ. పట్టాలి. 250 ఉన్నదైతే 4 చాలు. షాపులో సీసా మారితే మి.లీ.లూ మారతాయి, అక్కడే అడగండి. వంటింటి చెంచా వద్దు, సూది లేని నోటి సిరంజి వాడండి. ప్రతిసారీ సీసా కుదిపి, మందు లాగి, బుడగ ఉంటే వెనక్కి నెట్టి మళ్లీ లాగాలి. సిరంజి మొన వైపున్న పిస్టన్ అంచు ఏ గీత మీద ఉందో అదే కొలత. గొంతులోకి చిమ్మకుండా, బుగ్గ లోపలికి కొంచెం కొంచెంగా వదలండి.